చూపు చక్కనిదే, లెక్కే కాకిలెక్క

అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు తిరిగేవాళ్లకు రోడ్డు మీద గొర్రెల మంద ఎదురు కావడం కొత్త కాదు. బండి ఆపి, మంద దాటేలోపు ఫోనుతో ఒక ఫొటో తీశామనుకుందాం. బొమ్మను చూసి మాట్లాడే ఏఐ మోడళ్లు ఇప్పుడు అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి కదా, వాటిలో ఒకదానికి ఈ ఫొటో చూపిస్తే అది చెప్పే సంగతులు ముచ్చట గొలుపుతాయి. తారు రోడ్డు, రెండు పక్కలా తుమ్మచెట్లు, మందలో ఎక్కువ తెల్లవి, అక్కడక్కడా గోధుమరంగువి, వెనకాల భుజాన గొంగడితో కాపరి, అతని పక్కన కుక్క, పొద్దు వాలుతున్నట్టు చెప్పే పొడవాటి నీడలు. ఒక్కటీ తప్పు పోదు. గొర్రెలెన్ని అన్న దగ్గర మాత్రం తడుముకోకుండా 45 అంటుంది. మనం ఓపిగ్గా వేలు పెట్టి లెక్కిస్తే 63 తేలతాయి. అదే ఫొటోను కుడిఎడమలు మార్చి తిప్పి చూపిస్తే ఈసారి 50 అనొచ్చు.

ఇక్కడి అంకెలు ఉదాహరణకు అనుకున్నవి. తప్పే తీరు మాత్రం నిజం. గొంగడిని గుర్తుపట్టినవాడికి గొర్రెల లెక్క రాకపోవడమేమిటని మనకు వింతగా అనిపిస్తుంది. ఎందుకంటే మన దృష్టిలో లెక్కపెట్టడం చిన్నపని, బొమ్మను వర్ణించడం పెద్దపని. ఈ మోడళ్లకు అది తలకిందులు.

మొదట అనుమానం చూపు మీదికే పోతుంది. అందులో కొంత నిజం ఉంది కాబట్టి ముందు ఆ లెక్క తేల్చుకుందాం. ఈ రకం మోడళ్లు లోపల ఎలా పనిచేస్తాయో అందరికీ తెరిచి చూపినవాటిలో 2023లో వచ్చిన లావా 1.5 ఒకటి. దానికి ఫొటో ఇస్తే ముందుగా 336 పిక్సెళ్ల చదరంలోకి కుదిస్తుంది. మన ఫోను ఫొటో వెడల్పు 4000, ఎత్తు 3000 పిక్సెళ్లు అనుకుంటే, దాదాపు పన్నెండో వంతుకు కుంచించుకుపోయి 336 బై 252 అవుతుంది. చదరంలో మిగిలిన చోటును ఒకే రంగుతో నింపేస్తారు. తర్వాత ఆ చదరాన్ని 14 పిక్సెళ్ల గళ్లుగా కోస్తారు. అడ్డంగా 24, నిలువుగా 24, మొత్తం 576 గళ్లు. మన ఫొటో ఉన్నది వాటిలో 432 గళ్లలోనే. మోడల్‌కు అందేది ఈ గళ్లు మాత్రమే. ఒక్కో గడిలో ఏముందో చెప్పే ఒక్కో అంకెల వరస లోపలికి వెళుతుంది.

అసలు ఫొటో కొలతల్లో చెప్పాలంటే ఒక్కో గడి సుమారు 167 పిక్సెళ్ల ముక్క. కెమెరాకు దగ్గరున్న గొర్రె 700 పిక్సెళ్ల వెడల్పుంటే అది పది పన్నెండు గళ్ల మీద పరుచుకుంటుంది. దూరాన ఉన్న గొర్రె 80 పిక్సెళ్లే ఉంటే అలాంటివి నాలుగైదు ఒకే గడిలో ఇరుక్కుంటాయి. కుదించాక వాటి వెడల్పు ఏడు పిక్సెళ్లు. అంటే ఒకచోట ఒక గొర్రెకు పది గళ్లు, ఇంకోచోట ఒక గడికి నాలుగు గొర్రెలు. గడికీ గొర్రెకూ పొంతనే లేదు. ‘ఇక్కడ ఉన్ని ఉంది, కాళ్లున్నాయి, ఇది మంద’ అని చెప్పడానికి ఈ గళ్లు బాగా సరిపోతాయి. ఒక గొర్రె ఎక్కడ ముగిసి పక్కది ఎక్కడ మొదలైందో చెప్పడానికే సరిపోవు.

అలాగైతే ఫొటోను కుదించకుండా ముక్కలుగా చూపిస్తే పోలేదా అనొచ్చు. పోయింది, కొంతవరకు. తర్వాత వచ్చిన మోడళ్లు పెద్ద ఫొటోను నాలుగైదు పలకలుగానో ఇంకా ఎక్కువగానో కోసి విడివిడిగా చూస్తున్నాయి, లేదా ఉన్న సైజులోనే ఎక్కువ గళ్లుగా తీసుకుంటున్నాయి. లెక్కలు మెరుగుపడ్డాయి. దాంతోపాటు కొత్త చిక్కూ వచ్చింది. రెండు పలకల మధ్య కోతలో పడ్డ గొర్రె తల ఒకవైపు, తోక ఒకవైపు పోయి రెండుగా లెక్కకెక్కే ప్రమాదం ఉంది.

అసలు విషయం ఇది కాదు. చూపే కారణమైతే, పెద్దగా స్పష్టంగా ఉన్న బొమ్మల్లో లెక్క తప్పకూడదు. తప్పుతోంది. 2024లో అమెరికాలోని ఆబర్న్, కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయాల పరిశోధకులు అప్పటి పేరున్న మోడళ్లకు పసిపిల్లల స్థాయి బొమ్మలు చూపించారు. తెల్ల కాగితం మీద ఒకదానిలో ఒకటి కొద్దిగా కలిసిన వలయాలు, ఒకదాని లోపల ఒకటి ఇమిడిన చదరాలు, గళ్ల పట్టికలు. అన్నీ పెద్దవే, అన్నీ స్పష్టమైనవే. వలయాలు ఐదున్నప్పుడు బాగా చెప్పిన మోడల్ అవి ఆరో ఏడో అయ్యేసరికి తడబడింది, చాలాసార్లు ఐదనే అంది. ఐదు వలయాలంటే ఒలింపిక్ గుర్తు. శిక్షణలో అది ఎన్ని లక్షలసార్లు కనబడి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అదే పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన ముక్క ఒకటుంది. మోడల్‌లో రెండు భాగాలుంటాయి. బొమ్మను గళ్లుగా చదివే చూపు భాగం, ఆ చదివినదాన్ని అందుకుని జవాబు రాసే భాషా భాగం. పరిశోధకులు చూపు భాగం ఇచ్చే అంకెల వరసలను విడిగా తీసి, వాటి మీద ఒక చిన్న గణిత సూత్రాన్ని తర్ఫీదు చేసి చూశారు. సరైన జవాబు చెప్పడానికి కావలసిన సమాచారం ఆ వరసల్లో ఉందని తేలింది. కన్ను చూసింది, నోటిదాకా రాలేదు. మధ్యలో ఎక్కడ జారిపోయిందన్నదే అసలు ప్రశ్న.

దానికి ముందు మనిషి సంగతి కొంచెం చూడాలి. ఆర్థికశాస్త్రంలో పేరు మోసిన ఇంగ్లండు పండితుడు విలియం స్టాన్లీ జెవన్స్ 1871లో ‘నేచర్’ పత్రికలో ఒక ప్రయోగం గురించి రాశాడు. నల్ల చిక్కుడు గింజలు గుప్పెడు తీసి పెట్టెలోకి విసిరి, ఒక్క చూపులో ఎన్ని పడ్డాయో చెప్పడం, తర్వాత లెక్కపెట్టి సరిచూసుకోవడం. మూడు, నాలుగు గింజల దాకా ఒక్కసారీ తప్పలేదు. ఐదు దగ్గర తప్పులు మొదలయ్యాయి, గింజలు పెరిగేకొద్దీ తప్పులూ పెరిగాయి. అంటే ఒక్క చూపులో లెక్కతేల్చే శక్తి మనకూ నాలుగు దాటితే లేదు. అక్కడినుంచి మనం పద్ధతి మారుస్తాం. వేలు పెడతాం, వరసలో వెళతాం, లెక్కించినదాన్ని పక్కకు జరుపుతాం. గొర్రెల కాపరి మంద మొత్తాన్ని ఎగాదిగా చూసి లెక్క చెప్పడు. దొడ్డి వాకిట నిలబడి ఒక్కొక్కటి దాటుతుంటే లెక్కిస్తాడు. దాటినది మళ్లీ లెక్కలోకి రాదు, దాటనిది మిగిలిపోదు.

మోడల్‌కు ఆ వాకిలి లేదు. ‘గొర్రెలెన్ని’ అన్న ప్రశ్నకు అంకె పలికే ముందు అది లోపల చేసే పని ఒక స్థిరమైన కొలతలో ఉంటుంది. లావా 1.5 చిన్న రూపంలో భాషా భాగానికి 32 పొరలుంటాయి. జవాబులోని ప్రతి ముక్కకూ సమాచారం ఆ 32 పొరల గుండా ఒకసారి పోతుంది. గొర్రెలు మూడైనా అంతే, మూడొందలైనా అంతే. మనకు మూడొందల గొర్రెలకు మూడు గొర్రెల కన్నా ఎంతో ఎక్కువ సమయం పడుతుంది, పట్టాలి కూడా. సూటిగా అంకె చెప్పేసిన మోడల్ లెక్కపెట్టలేదు. జెవన్స్ గింజల్ని చూసినట్టు ఒక్క చూపు చూసి అంకె వేసింది.

ఆ ఒక్క చూపులో గళ్లన్నిటినీ కలిపి చూసే పద్ధతి పేరు అటెన్షన్. దాని పనితీరే లెక్కకు అడ్డం. ప్రశ్నలోని ‘గొర్రె’ అన్న మాటకు ఏయే గళ్లు సంబంధించినవో చూసి, ఒక్కో గడికి ఇంత అని వాటా ఇస్తుంది. అన్ని వాటాల మొత్తం ఎప్పుడూ ఒకటే అయ్యేలా సర్దుతుంది. ఆ వాటాల ప్రకారం గళ్ల సమాచారాన్ని కలిపి ఒక సారం తీస్తుంది. ఇది కూడిక కాదు, సగటు. పది గళ్లలో ఒకేలాంటి గొర్రె ఉంటే ఒక్కోదానికి పదో వంతు వాటా, ఇరవై గళ్లలో ఉంటే ఇరవయ్యో వంతు. రెండు సందర్భాల్లోనూ చివరికి వచ్చే సారం ఒకటే. పానకం రుచి చూసి తీపి ఎంతుందో చెప్పగలం గానీ బిందెలో ఎన్ని అచ్చుల బెల్లం వేశారో చెప్పలేం కదా, అలాంటిదే ఇదీ.

నిజానికి మోడల్ దగ్గర ఇంకో ఆధారం ఉంది. గొర్రె లేని గళ్లు కూడా లోపలికి వచ్చాయి కాబట్టి, మొత్తంలో గొర్రెల వంతు ఎంతో పట్టుకోవచ్చు. ఆ వంతు నుంచి సంఖ్యను వెనక్కి లాగవచ్చు. చిన్న సంఖ్యలకు మోడళ్లు సరిగ్గా చెప్పగలగడానికి ఇలాంటి దారులే కారణం కావచ్చు. కానీ మూడు గొర్రెలు నాలుగైతే ఆ వంతు మూడోభాగం పెరుగుతుంది, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. 62 గొర్రెలు 63 అయితే పెరిగేది నూటికి ఒకటిన్నర పైచిలుకు మాత్రమే. దగ్గరున్న గొర్రె కాస్త పక్కకు తిరిగి నిలబడితే ఫొటోలో అది ఆక్రమించే చోటు అంతకన్నా ఎక్కువ మారుతుంది. అంత సన్నని తేడాను ఇన్ని గందరగోళాల మధ్య పట్టుకోవడం అయ్యే పని కాదు.

దీనికి తోడు శిక్షణ. చూపు భాగాన్ని ఎలా తయారుచేశారో చూస్తే దానికి లెక్క మీద శ్రద్ధ ఎందుకు లేదో తెలుస్తుంది. లావా 1.5లో ఉన్న చూపు భాగం ఓపెన్ఏఐ 2021లో విడుదల చేసిన క్లిప్. ఇంటర్నెట్టులోని ఫొటోలు, వాటి కింద జనం రాసిన వాక్యాలు కలిపి 40 కోట్ల జతలతో దాన్ని తర్ఫీదు చేశారు. దానికి పెట్టిన పరీక్ష ఒక్కటే, ఏ ఫొటోకు ఏ వాక్యం చెందుతుందో పోల్చుకోవడం. కొండవాలున మేస్తున్న గొర్రెలు అన్న వాక్యాన్ని సరైన ఫొటోతో కలపడానికి గొర్రె, కొండ, గడ్డి తెలిస్తే చాలు. అవి 62 అయినా 63 అయినా మార్కులు పోవు. మనుషులు మాత్రం ఫొటో కింద 63 గొర్రెలు అని ఎందుకు రాస్తారు? రెండు కుక్కపిల్లలు అని రాస్తారు, ముగ్గురు పిల్లలు అని రాస్తారు, అంతకు మించితే మంద, గుంపు, బోలెడు. 2023లో గూగుల్ పరిశోధకులు క్లిప్‌కు లెక్క నేర్పబోయి రెండు నుంచి పది దాకానే పెట్టుకున్నారు. పది దాటితే సంఖ్య సరిగ్గా రాసి ఉన్న ఫొటోలు తగినన్ని దొరకవు. వాళ్లు చేసిన ఉపాయం బాగుంది. సరైన వాక్యంలో అంకె ఒక్కటి మార్చి తప్పు వాక్యం తయారుచేసి, రెండిటినీ విడదీయమని శిక్షణ ఇచ్చారు. లెక్క మెరుగుపడింది. పదిలోపు.

చూపు భాగం అంకెను గట్టిగా చెప్పలేనప్పుడు ఖాళీని భాషా భాగం పూరిస్తుంది, అదీ తనకు అలవాటైన అంకెతో. మన ఊళ్లలో కోడిగుడ్ల అట్ట ట్రేను తీసుకోండి. అందులో 30 గుంటలు, ఐదు ఆర్లు. మధ్యలోంచి రెండు గుడ్లు తీసేసి ఫొటో తీస్తే, 30 అనే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ట్రేకు 30 అన్న జ్ఞానం ముందే ఉంది, ఖాళీ గుంటలు దాన్ని కదిలించేంత బలంగా వినబడవు. ఇలాంటిదాన్నే 2025లో ఇంకో పరిశోధన పనిగట్టుకుని పరీక్షించింది. అడిడాస్ గుర్తులోని మూడు గీతల పక్కన నాలుగోది చేర్చారు, జంతువులకు ఒక కాలు అదనంగా గీశారు. మోడళ్లు ఎక్కువగా గీతలు మూడనీ, కాళ్లు నాలుగనీ పాత పాటే పాడాయి. గొర్రెల మందకు ఇలా ఖాయమైన అంకె ఏదీ లేదు. అప్పుడు రాతల్లో జనం ఎక్కువగా వాడే అంకెల వైపే మొగ్గు ఉంటుంది. 50, 100 లాంటి గుండు సంఖ్యలు తరచూ వినబడితే అనుమానించడానికి అదొక ఆనవాలు.

నిదానంగా ఆలోచించి చెప్పమంటే కుదురుతుందేమో అని చాలామంది ప్రయత్నిస్తారు. ముందు వరసలో 9, రెండో వరసలో 14, మూడో వరసలో 17, ఇలా చక్కగా రాసుకుంటూ పోయి కూడిక కూడా తప్పు లేకుండా చేస్తుంది. నన్నడిగితే ఇదే ఎక్కువ ప్రమాదం. రోడ్డు మీద మంద వరసలు కట్టి నడవదు. ఆ వరసలు ఫొటోలోంచి వచ్చాయో, లెక్కపెట్టేవాళ్లు ఇలాగే రాస్తారన్న అలవాటులోంచి వచ్చాయో చెప్పడానికి ఆధారం లేదు. పద్దు శుభ్రంగా ఉంటే మనకు నమ్మకం పెరుగుతుంది, లెక్క మాత్రం పెరగదు. కొన్ని కొత్త మోడళ్లు ఫొటోను తామే కత్తిరించి, పెద్దది చేసి మళ్లీ చూసుకోగలుగుతున్నాయి. వాటితో ఫలితం మెరుగ్గానే ఉంటుంది, ఎందుకంటే అప్పుడు నిజంగానే చూపు మరోసారి పడుతోంది.

మీ చేతిలో ఉన్న మోడల్ లెక్కపెడుతోందా, అంకె వేస్తోందా తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఫొటోలో మీరే ఒక మూల పది గొర్రెల్ని వేలితో లెక్కించి, ఆ భాగం మీద నల్లరంగు పులిమి మళ్లీ చూపించండి. నిజంగా లెక్కపెట్టే పద్ధతైతే జవాబు సరిగ్గా పది తగ్గాలి. అంకె వేసేదైతే కదలకపోవచ్చు, ఇరవై తగ్గవచ్చు, ఒక్కోసారి పెరగవచ్చు కూడా. ఫొటోను రెండు సగాలుగా కోసి విడివిడిగా అడిగినా సంగతి బయటపడుతుంది. రెండు సగాల మొత్తం నిండు ఫొటో జవాబుకు దరిదాపుల్లో లేకపోతే ఆ మూడు అంకెల్లో దేన్నీ నమ్మక్కర్లేదు.

మరి యంత్రాలకు లెక్క రానే రాదా అంటే, వస్తుంది. కబుర్లు చెప్పే మోడల్ కాకుండా లెక్క కోసమే కట్టినవి వేరే ఉన్నాయి. ఒక రకం ఒక్కో గొర్రె చుట్టూ ఒక్కో చట్రం గీసి, చివర్లో చట్రాలను లెక్కిస్తుంది. ఇక్కడ ప్రతి గొర్రెకూ విడిగా ఒక గుర్తు పడింది కాబట్టి లెక్క కంప్యూటర్‌కు మంచినీళ్ల ప్రాయం. చిక్కు ముందే ఉంది. ఒకే గొర్రె మీద నాలుగైదు చట్రాలు పడడం మామూలు గనక, సగానికి పైగా ఒకదాని మీద ఒకటి వచ్చిన చట్రాల్లో ఒకటి ఉంచి మిగతావి తుడిచేస్తారు. మంద ఒత్తుగా ఉంటే నిజంగా వేరైన పక్క గొర్రె చట్రమూ ఆ తుడుపులో పోతుంది. నిబంధన సడలిస్తే ఒకే గొర్రె రెండుసార్లు వస్తుంది. రోడ్డు మీద విడివిడిగా నడిచే మందకు ఈ పద్ధతి బాగుంటుంది, దొడ్డిలో కిక్కిరిసిన మందకు కాదు.

కిక్కిరిసిన జనానికి ఇంకో దారి. మనుషులు కూర్చుని ఫొటోలో ప్రతి తల మీద ఒక చుక్క పెడతారు. 2016లో వచ్చిన షాంఘైటెక్ అనే సేకరణలో 1198 ఫొటోలు, వాటిలో ఇలా గుర్తుపెట్టిన తలలు 3,30,165. వీటితో తర్ఫీదైన మోడల్ తలల్ని విడదీయడానికి ప్రయత్నించదు. ఫొటోలో ఏ చోట ఎంత సాంద్రతతో జనం ఉన్నారో ఒక పటం గీస్తుంది, ఆ పటంలోని విలువలన్నిటినీ కూడుతుంది. ఇక్కడ జరిగేది సగటు కాదు, అచ్చమైన కూడిక. ఇదే కీలకమైన తేడా. జవాబు 2314.6 మంది అని కూడా రావచ్చు, దానికి నవ్వుకోవచ్చు గానీ బహిరంగ సభకు అది పనికొచ్చే అంచనా. దాని బలహీనత ఏమిటంటే, ఒకవైపు చెట్టు ఆకుల్ని తలలుగా కలుపుకుని, ఇంకోవైపు నీడలోని తలలు వదిలేసి, మొత్తం మీద సరిగ్గా తేలవచ్చు. మన సభల్లో ఫ్లెక్సీల మీద నాయకుల మొహాలే వందల్లో ఉంటాయి, అవి హాజరైనవాళ్ల లెక్కలో కలవకుండా చూడటం వేరే తలనొప్పి.

మాట్లాడే మోడళ్లలోనే లెక్కకు దగ్గరగా వచ్చింది 2024లో అలెన్ ఏఐ సంస్థ విడుదల చేసిన మోల్మో. దానికి అంకె చెప్పడం కన్నా ముందు వేలు పెట్టడం నేర్పారు. ఎన్ని అని అడిగితే ఒక్కో వస్తువు ఎక్కడుందో స్థానం రాస్తూ పోతుంది, రాసిన స్థానాల సంఖ్యే జవాబు. రాసిన ప్రతి స్థానమూ దాని కళ్లముందే ఉంటుంది కాబట్టి, ఏది అయిపోయిందో చూసుకుంటూ తర్వాతది వెతకగలదు. మనం దొడ్డి వాకిట చేసే పని ఇదే. గొర్రెలు ఎక్కువైనకొద్దీ రాసే స్థానాలు పెరుగుతాయి, పనీ పెరుగుతుంది. ఇదీ తప్పు చేస్తుంది. ఒత్తుగా ఉన్నచోట రెండు గొర్రెల మధ్య ఒకే చుక్క పడొచ్చు, చెవులు మాత్రమే కనబడే గొర్రె జారిపోవచ్చు. అయితే ఆ తప్పు ఎక్కడ జరిగిందో ఫొటో మీద చుక్కల్ని చూసి మనం పట్టుకోవచ్చు, దిద్దవచ్చు. ఉత్త 45 అనే అంకెలో అలా పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

కాబట్టి గోదాములో బస్తాలో, లారీలో గొర్రెలో, సభలో జనమో, ఏ లెక్క మీదైనా మీ డబ్బో మాటో ఆధారపడి ఉంటే, ఫొటో చూసి అంకె చెప్పిన యాప్‌ను అంకెతో సరిపెట్టుకోనివ్వకండి. ఒక్కోదాని మీద చుక్క పెట్టిన ఫొటో అడిగి తీసుకోండి. అది ఇవ్వలేకపోతే దాని జవాబును ఉజ్జాయింపుగానే రాసుకోండి, ఐదారు దాటిన ఏ లెక్కనైనా మీరే ఒకసారి వేలు పెట్టి చూసుకోండి.